ఫైనాన్స్ బండి కిస్తీ తప్పితే: ఒప్పందం నుంచి వేలం దాకా ఓనర్ చేయాల్సిన పనులు, ఓనర్‌కున్న హక్కులు

లారీ, టిప్పర్, పికప్, ట్రాలీ ఆటో ఏదైనా సరే, మన దగ్గర కమర్షియల్ బండి ఎక్కువగా ఫైనాన్స్ మీదే రోడ్డెక్కుతుంది. కిస్తీలు రెండు మూడు ఆగాయని తెలియగానే ఓనర్‌కి రెండు రకాల సలహాలు వస్తాయి. "కోర్టు ఆర్డర్ లేకుండా బండి ముట్టుకోకూడదు, వస్తే తరిమెయ్" అంటారు కొందరు. "బండి వాళ్లది, వాళ్ల ఇష్టం, మనమేం చెయ్యలేం" అంటారు ఇంకొందరు. ఈ రెండు మాటలు నమ్మి నష్టపోయినవాళ్లు చాలామంది ఉన్నారు.

ఒప్పందంలో రాసి ఉంటే, కిస్తీలు తప్పినప్పుడు కంపెనీ కోర్టుకు వెళ్లకుండానే బండి స్వాధీనం చేసుకోవచ్చు. కాకపోతే ఒప్పందంలో రాసిన పద్ధతిలో, గొడవ, బెదిరింపు, బలప్రయోగం లేకుండా చేయాలి. సుప్రీంకోర్టు 2007లో ఐసీఐసీఐ బ్యాంకు కేసులో, 2011లో సిటీకార్ప్ మారుతి ఫైనాన్స్ కేసులో ఈ మాటే చెప్పింది: బాకీ వసూలైనా, బండి స్వాధీనమైనా చట్టబద్ధంగానే జరగాలి, కండబలంతో కాదు. పట్నా హైకోర్టు 2023లో ఇంకా గట్టిగా మాట్లాడింది. రికవరీ ఏజెంట్లతో బండ్లు బలవంతంగా లాక్కోవడం జీవనోపాధి హక్కును కాలరాయడమే అంటూ కేసులు పెట్టమని పోలీసులను ఆదేశించింది.

కాబట్టి ఓనర్ బలమంతా నాలుగు చోట్ల ఉంటుంది: ఒప్పందంలోని నోటీసు షరతు, బండి పట్టుకున్న తీరు, పట్టుకున్నాక వేలానికి ముందు దొరికే గడువు, బాకీ లెక్క. పని చేయాల్సింది కూడా ఈ వరుసలోనే.

ముందు ఒప్పందం కాపీ సంపాదించండి

అందరూ "హెచ్‌పీ" అనే అంటాం కానీ ఆర్‌సీ మీద ఏం రాసి ఉందో ఒకసారి చూడండి. హైర్ పర్చేజ్ అయితే చివరి కిస్తీ కట్టేదాకా బండికి యజమాని కంపెనీయే. మీరు అద్దెకు వాడుకుంటూ, ఆఖరున కొనుక్కునే హక్కు ఉన్నవారు. హైపోథికేషన్ అయితే బండి మీదే, అప్పుకు తాకట్టుగా ఉంటుంది. ఇప్పుడు వచ్చేవాటిలో ఎక్కువ ఈ రెండో రకమే. హైర్ పర్చేజ్ కోసం 1972లో ఒక చట్టం చేశారు కానీ అది ఎన్నడూ అమల్లోకి రాలేదు, 2005లో రద్దు చేసేశారు. అందుకే ఈ వ్యవహారమంతా మీరు సంతకం పెట్టిన ఒప్పందం, కాంట్రాక్టు చట్టం, మోటారు వాహనాల చట్టంలోని 51వ సెక్షన్, రిజర్వు బ్యాంకు నిబంధనల మీద నడుస్తుంది.

పేరులోని ఈ తేడా ఎక్కడ పనికొస్తుందంటే, హైర్ పర్చేజ్ బండిని కంపెనీ పట్టుకుపోతే దొంగతనం కేసు నిలవడం కష్టం. తన వస్తువు తాను ఒప్పందం ప్రకారం తీసుకుంటే అది నేరం కాదని 2001లోనే సుప్రీంకోర్టు చెప్పింది. పోలీస్ స్టేషన్‌లో "మా బండి దొంగిలించారు" అని రాసిస్తే ఈ కారణంతోనే పక్కన పెడతారు. కొట్టారు, తాళాలు లాక్కున్నారు, డ్రైవర్‌ని దించి రోడ్డు మీద వదిలేశారు అని జరిగింది జరిగినట్టు రాస్తే అది వేరే ఫిర్యాదు అవుతుంది.

ఒప్పందం కాపీ చాలామంది దగ్గర ఉండదు. షోరూంలో కూర్చోబెట్టి ఖాళీలున్న కాగితాల మీద సంతకాలు తీసుకుంటారు, తర్వాత ఎవరూ అడగరు. లోన్ మంజూరైనప్పుడే ఒప్పందం కాపీ, దానికి జతచేసిన షెడ్యూళ్లతో సహా ఇవ్వాలని రిజర్వు బ్యాంకు నియమం ఉంది. ఇప్పటికీ లేకపోతే బ్రాంచ్‌కి మెయిల్ పెట్టండి, లేదా స్పీడ్ పోస్టులో ఉత్తరం పంపండి. నోటిమాటగా అడిగితే రుజువు ఉండదు.

కాపీ చేతికొచ్చాక మొదట వెతకాల్సింది స్వాధీనం గురించిన క్లాజు. వాహన రుణాలిచ్చే ఎన్‌బీఎఫ్‌సీలు, అంటే బ్యాంకులు కాని ఫైనాన్స్ కంపెనీలు, ఆ క్లాజులో ఏమేం రాయాలో రిజర్వు బ్యాంకు చెప్పింది. బండి తీసుకునే ముందు ఎన్ని రోజుల నోటీసు ఇస్తారు, ఏ పరిస్థితుల్లో నోటీసు లేకుండా తీసుకోవచ్చు, ఎలా స్వాధీనం చేసుకుంటారు, అమ్మే ముందు కట్టుకోవడానికి ఇచ్చే ఆఖరి అవకాశం ఏమిటి, కట్టాక బండి ఎలా తిరిగి ఇస్తారు, వేలం ఎలా వేస్తారు అన్నవన్నీ ఉండాలి. వీటి కింద గీత గీసి పెట్టుకోండి. రేపు మీ ప్రతి ఉత్తరంలోనూ ఈ క్లాజు నంబరు రావాలి.

ఇంకో రెండు క్లాజులు కూడా చూడండి. ఒకటి, ఒక లోన్‌లో కిస్తీ తప్పితే మీ పేరున ఉన్న మిగతా లోన్లన్నీ తప్పినట్టే అనే షరతు. రెండు బండ్లున్నవాళ్లకు ఇది చాలా ప్రమాదం. కిస్తీలు సరిగ్గా కడుతున్న బండిని కూడా దీన్ని చూపించి పట్టుకోవచ్చు. రెండోది ఆర్బిట్రేషన్ క్లాజు. వివాదం వస్తే కోర్టులో కాకుండా మధ్యవర్తి దగ్గర, చెన్నైలోనో ముంబైలోనో తేల్చుకోవాలని ఉంటుంది. దాని సంగతి చివర్లో చూద్దాం.

మొదటి కిస్తీ తప్పిన రోజే చేయాల్సింది

లోన్ మూడు నెలలు ఆగితేనే ఎన్‌పీఏ అవుతుందని, అప్పటిదాకా బండి జోలికి రారని చాలామంది అనుకుంటారు. 90 రోజుల లెక్క కంపెనీ తన పుస్తకాల్లో మొండి బాకీ చూపించుకోవడానికి. బండి పట్టుకునే హక్కు ఎప్పుడు మొదలవుతుందో ఒప్పందం చెబుతుంది. కొన్నిటిలో ఒక్క కిస్తీ తప్పినా డీఫాల్ట్ అనే రాసి ఉంటుంది. కాబట్టి ఆ 90 రోజులు మీకు ఇచ్చిన గడువు అనుకోవద్దు.

కిస్తీ తప్పబోతోందని తెలియగానే రాతపూర్వకంగా చెప్పండి. ఇంజిన్ పని వచ్చిందా, పార్టీ దగ్గర కిరాయి డబ్బులు ఆగాయా, యాక్సిడెంట్ అయి బండి షెడ్డులో ఉందా, కారణం రాసి, ఏ తేదీకి ఎంత కడతారో చెప్పి, కిస్తీల గడువు పెంచమని అడగండి. ఒప్పుకోవాలని కంపెనీ మీద నిర్బంధం లేదు. కానీ మీరు తప్పించుకు తిరగలేదని చెప్పే మొదటి కాగితం ఇదే. నోటీసు లేకుండా బండి పట్టుకోవడానికి కంపెనీలు చూపే కారణాల్లో ముందుండేది "పార్టీ దొరకడం లేదు, బండి దాచేశాడు" అనేది. మీ మెయిల్, మీ ఫోన్ నంబరు, బండి ఉన్న ఊరు రికార్డులో ఉంటే ఆ కారణం నిలబడదు.

కొంత డబ్బే ఉంటే ఆ కొంతైనా కట్టండి, అదీ బ్యాంకు నుంచి కంపెనీ లోన్ ఖాతాకే. వసూలుకు వచ్చిన కుర్రాడికి నగదు ఇస్తే అప్పటికప్పుడు కంపెనీ రసీదు తీసుకోండి. అతని సొంత ఫోన్‌పే నంబరుకు పంపిన డబ్బు చాలాసార్లు లోన్ ఖాతాకు చేరదు. పోయిన ఆ డబ్బును తర్వాత రుజువు చేయడానికి పడే అవస్థ అంతా ఇంతా కాదు.

ఆలస్యానికి వేసే అపరాధ రుసుము గురించి ఒక మాట. 2023 ఆగస్టులో రిజర్వు బ్యాంకు దీన్ని మార్చింది. ఆలస్యానికి అదనపు వడ్డీ శాతం వేయకూడదు, విడిగా చార్జీగానే వేయాలి, ఆ చార్జీ మీద మళ్లీ వడ్డీ లెక్కకట్టకూడదు. కొత్త లోన్లకు 2024 ఏప్రిల్ 1 నుంచి, పాతవాటికి అదే ఏడాది జూన్ 30 లోపు ఇది అమల్లోకి రావాలి. మీ స్టేట్‌మెంట్‌లో ఆ తేదీల తర్వాత కూడా ఆలస్యపు చార్జీలు అసలులో కలిసి వడ్డీ పెరుగుతూ ఉంటే అది తప్పు లెక్క.

వసూలు ఫోన్లకు కూడా హద్దుంది. ఉదయం 8 గంటలకు ముందు, రాత్రి 7 తర్వాత రికవరీ ఏజెంట్లు ఫోన్ చేయకూడదని రిజర్వు బ్యాంకు 2022 ఆగస్టులో చెప్పింది. చుట్టాలకు, పక్కింటివాళ్లకు ఫోన్ చేసి పరువు తీయడం కూడా కుదరదు. కాల్ రికార్డులు, మెసేజ్‌లు తుడిచేయకుండా ఉంచండి.

కష్టంలో ఉన్నప్పుడు చేయకూడని పని ఒకటుంది. "ఫైనాన్స్ మీద బండి ఇచ్చేస్తా, మిగతా కిస్తీలు నువ్వు కట్టుకో" అని వంద రూపాయల స్టాంపు పేపరు మీద రాసుకుని ఎవరికో అప్పజెప్పడం. కంపెనీ రాతపూర్వక అంగీకారం లేకుండా ఆర్‌సీలో పేరు మారదు. లోన్ మీ పేరునే ఉంటుంది, షూరిటీ పెట్టిన మీ బావమరిది మెడకు చుట్టుకుంటుంది, తీసుకున్నవాడు కిస్తీలు ఆపేస్తే బండి ఏ రాష్ట్రంలో ఉందో కూడా తెలియదు.

నోటీసు వచ్చాక

లోన్ మొత్తం ఒకేసారి కట్టమంటూ రీకాల్ నోటీసు వస్తుంది. తీసుకోకుండా తిప్పి పంపితే లాభం లేదు. మీ చిరునామాకు పంపి, "తీసుకోవడానికి నిరాకరించారు" అని రాసి వెనక్కి వస్తే మీకు అందినట్టే లెక్క. తీసుకుని, కవరు మీద పోస్టల్ తేదీ ఫొటో తీసి, ఒప్పందంలోని నోటీసు క్లాజుతో పోల్చండి. గడువు ఎన్ని రోజులు, ఇచ్చిందెన్ని?

జవాబులో మూడు విషయాలుంటే చాలు: అందిన తేదీ, అసలు, వడ్డీ, చార్జీలు విడివిడిగా చూపే పూర్తి స్టేట్‌మెంట్ ఇమ్మని అడగడం, బాకీ కిస్తీలు ఫలానా తేదీలకు కడతామన్న ప్రతిపాదన.

అప్పిచ్చినవాళ్లకు ఇంకో దారి ఉంది. కోర్టుకు వెళ్లకుండానే తాకట్టు ఆస్తిని స్వాధీనం చేసుకోనిచ్చే సర్ఫేసీ చట్టాన్ని బ్యాంకులు లక్ష రూపాయలు దాటిన రుణాలకు, 100 కోట్ల రూపాయలు, ఆపైన ఆస్తులున్న ఎన్‌బీఎఫ్‌సీలు 20 లక్షలు, ఆపైన ఉన్న రుణాలకు వాడుకోవచ్చు. అప్పుడు 60 రోజుల నోటీసు తప్పనిసరి, మీ అభ్యంతరానికి 15 రోజుల్లో జవాబివ్వాలి, బండి తీసుకున్నాక అమ్మే ముందు మళ్లీ 30 రోజుల నోటీసు ఇవ్వాలి. స్వాధీనం మీద 45 రోజుల్లో రుణ వసూలు ట్రిబ్యునల్‌కు వెళ్లవచ్చు. నోటీసు మీద "సెక్షన్ 13(2)" అని కనిపిస్తే మీరు ఈ దారిలో ఉన్నట్టు, వెంటనే లాయర్‌ని కలవాలి.

బండి ఆపిన ఆ గంటలో

చాలాసార్లు బండి పట్టుకునేది టోల్‌గేట్ దాటాక, దాబా దగ్గర, లేదా తెల్లవారుజామున ఇంటి ముందు. ఓనర్ లేనప్పుడు డ్రైవర్ ఒక్కడే ఉంటాడు. అందుకే డ్రైవర్‌కి ముందే చెప్పి ఉంచండి: తగువు పెట్టుకోవద్దు, బండి ముందుకు పోనిచ్చి ఎవరినీ తొక్కించవద్దు, వెంటనే ఓనర్‌కి ఫోన్ చేయాలి, వీడియో తీయాలి.

వచ్చినవాళ్లను అడగాల్సింది కంపెనీ ఇచ్చిన అధికార పత్రం, గుర్తింపు కార్డు, నోటీసు కాపీ. ఆ పత్రంలో మీ బండి నంబరు, ఏజెన్సీ పేరు ఉండాలి. మాటల్లో చెబితే సరిపోదు. వాళ్లు దౌర్జన్యానికి దిగితే, చుట్టుముడితే, తాళం గుంజుకుంటే 112కి ఫోన్ చేయండి. ఆ కాల్ చేసిన సమయమే తర్వాత మీకు సాక్ష్యం. వాళ్లు పోలీస్ స్టేషన్‌లో ముందుగా సమాచారం ఇచ్చి వచ్చామని ఒక కాగితం చూపిస్తారు. అది సమాచారం మాత్రమే, పోలీసుల అనుమతి కాదు.

అన్నిటికంటే జాగ్రత్తగా ఉండాల్సింది సంతకం దగ్గర. "ఇక్కడ సంతకం పెట్టు, రేపు యార్డులో బండి ఇచ్చేస్తారు" అని ఒక కాగితం ఇస్తారు. అందులో కిస్తీలు కట్టలేక నా ఇష్టపూర్వకంగా బండి అప్పగిస్తున్నాను అని ఉంటుంది. ఆ ఒక్క కాగితంతో నోటీసు ఇవ్వలేదన్న మాట, బలవంతం చేశారన్న మాట రెండూ బలహీనపడతాయి. డ్రైవర్ అయినా ఓనర్ అయినా దాని మీద సంతకం పెట్టొద్దు. నిజంగానే బండి అప్పగించేయాలని మీరే నిర్ణయించుకుంటే అది వేరు. అప్పుడు ఎంత ధరకు లెక్కకడతారు, మిగతా బాకీ మాఫీయా కాదా అన్నది అదే కాగితంలో రాయించుకోవాలి.

సంతకం పెట్టదగింది ఇన్వెంటరీ మీద. బండి స్థితి, కిలోమీటర్ రీడింగ్, టైర్లు ఎన్ని, వాటి నంబర్లు, స్టెప్నీ, జాక్, టార్పాలిన్, తాళ్లు, డీజిల్, బ్యాటరీ, క్యాబిన్‌లోని కాగితాలు అన్నీ రాయించండి. యార్డుకు వెళ్లాక కొత్త టైర్ల స్థానంలో అరిగినవి కనిపించిన సందర్భాలున్నాయి. రాసి లేకపోతే మాట్లాడటానికి ఉండదు. బండిలో లోడు ఉంటే సరుకు పార్టీదని, కంపెనీకి దాని మీద హక్కు లేదని చెప్పి, బిల్టీ కాపీ చూపించి, లోడు దింపుకోవడానికి రాతపూర్వకంగా అడగండి.

పట్టుకున్నాక రెండు రోజుల్లో

ఎక్కువమంది ఓనర్లు ఓడిపోయేది ఇక్కడే. బ్రాంచ్ చుట్టూ తిరుగుతూ, మేనేజర్ "చూద్దాం" అంటుంటే వారాలు గడిపేస్తారు. ఈలోగా బండి అమ్ముడైపోతుంది. అమ్ముడయ్యాక కోర్టు బండి తెప్పించలేదు, డబ్బు పరిహారమే ఇప్పించగలదు. ఆ పరిహారం కూడా ఎంతొస్తుందో చెప్పలేం. 2020 అక్టోబర్ 1న మాగ్మా ఫిన్‌కార్ప్ కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు చూడండి. 35 కిస్తీల్లో 7 కట్టి ఆగిపోయిన బండిని కంపెనీ తీసుకుని అమ్మేసింది. ఒప్పందంలో నోటీసు ఇవ్వాలని ఉంటే ఇవ్వాల్సిందేనని, ఇచ్చినట్టు రుజువు చేయలేదని కోర్టు ఒప్పుకుంది. కానీ కిస్తీలు ఎగ్గొట్టిన విషయాన్ని కూడా లెక్కలోకి తీసుకుని 15,000 రూపాయల పరిహారంతో సరిపెట్టింది. ఆ కేసు జిల్లా ఫోరం నుంచి సుప్రీంకోర్టు దాకా ఏళ్ల తరబడి నడిచింది. కాబట్టి నోటీసు లేదన్న వాదన వేలానికి ముందు వాడుకుంటేనే బలం.

రెండు రోజుల్లోగా కంపెనీ ఫిర్యాదుల అధికారికి, బ్రాంచ్‌కి ఒకే మెయిల్ పంపండి. ఇలా ఉంటే చాలు:

"ఫలానా తేదీన, ఫలానా చోట, ఫలానా నంబరు బండిని మీ ఏజెంట్లు తీసుకున్నారు. ఒప్పందంలోని ఫలానా క్లాజు ప్రకారం ఇవ్వాల్సిన నోటీసు నాకు అందలేదు. బాకీ ఉన్న కిస్తీలు కట్టి బండి విడిపించుకోవడానికి సిద్ధంగా ఉన్నాను. కిస్తీల బాకీ, మొత్తం లోన్ ముగింపు మొత్తం విడివిడిగా స్టేట్‌మెంట్‌తో తెలియజేయండి. ఒప్పందం ప్రకారం ఇవ్వాల్సిన ఆఖరి అవకాశం ఇచ్చేదాకా బండి అమ్మవద్దు. బండి ఉన్న యార్డు చిరునామా, ఇన్వెంటరీ కాపీ పంపండి."

ఇంకో ఉత్తరం ఆర్టీఓకి రాయాలి. ఇది చాలామందికి తెలియదు. బండి అమ్మాలంటే కంపెనీ ముందు తన పేరున కొత్త ఆర్‌సీ తీసుకోవాలి. దాని కోసం ఫారం 36 పెడుతుంది. అప్పుడు ఆర్టీఓ మీకు రిజిస్టర్డ్ పోస్టులో నోటీసు పంపి, మీ మాట వినాలని 51వ సెక్షన్ చెబుతోంది. ఆ నోటీసు ఆర్‌సీలోని చిరునామాకు వెళుతుంది, మీరు ఇల్లు మారి ఉంటే మీకు తెలియదు. అందుకే మీరే ముందుగా వెళ్లి, బండి తీసుకున్న తీరు మీద వివాదం ఉందని, మీ మాట వినకుండా కొత్త ఆర్‌సీ ఇవ్వవద్దని రాసిచ్చి, ఇన్‌వర్డ్ నంబరు తీసుకోండి. అదే ఉత్తరంలో బండి ఏ తేదీ నుంచి మీ చేతిలో లేదో కూడా రాయండి. మూడు నెలలకోసారి కట్టే పన్ను మీ పేరున పేరుకుపోకుండా ఇది పనికొస్తుంది. ఉత్తరప్రదేశ్ పన్ను చట్టం కింద వచ్చిన కేసులో, స్వాధీనం చేసుకున్న కాలానికి పన్ను బాధ్యత ఫైనాన్స్ కంపెనీదేనని 2022లో సుప్రీంకోర్టు తేల్చింది.

బాకీ లెక్క ఎలా సరిచూడాలి

ఒక లెక్క వేద్దాం. నందిగామ దగ్గర ఒక ఓనర్ కమ్ డ్రైవర్ 12 లక్షల బండికి 2 లక్షలు చేతి నుంచి పెట్టి, 10 లక్షల లోన్ తీసుకున్నాడనుకోండి. వడ్డీ ఏడాదికి 14 శాతం, 48 కిస్తీలు. నెలకు 27,326 రూపాయలు వస్తుంది. ఇదే లోన్‌ను ఏజెంట్ "8 శాతం ఫ్లాట్" అని చెప్పి ఉండవచ్చు. ఫ్లాట్ లెక్కలో నాలుగేళ్లకు 3 లక్షల 20 వేల వడ్డీ, కిస్తీ 27,500. అంటే 8 శాతం అని విన్నది నిజానికి 14 శాతం పైమాటే.

20 కిస్తీలు కట్టాడు. 21, 22, 23 ఆగాయి, బండి పట్టుకున్నారు. ఇప్పుడు బ్రాంచ్‌లో "లోన్ ముగించుకోవాలంటే 7 లక్షల 65 వేలు, పైన చార్జీలు" అన్నారు. ఆ అంకె ఎక్కడిది? మిగిలిన 28 కిస్తీలను 27,326తో గుణిస్తే 7,65,128. అంటే ఇంకా గడవని 25 నెలల వడ్డీ కూడా ఇప్పుడే అడుగుతున్నారు. 20 కిస్తీలు కట్టాక మిగిలిన అసలు సుమారు 6 లక్షల 50 వేలు. దాని మీద మూడు నెలల వడ్డీ 23 వేల దాకా. కలిపితే 6 లక్షల 73 వేలు. రెండింటికీ తేడా 92 వేలు. చెక్కు బౌన్స్ చార్జీలు, ఆలస్యపు చార్జీలు, సీజింగ్ ఖర్చు, యార్డు అద్దె పైన ఉంటాయి, కానీ వాటికీ ఒప్పందంలోని షెడ్యూలులో రేటు ఉండాలి, సీజింగ్ ఖర్చుకు బిల్లు ఉండాలి. ముందుగా ముగించినందుకు ఫోర్‌క్లోజర్ చార్జీ అడిగితే అది కూడా ఒప్పందంలో ఉందో లేదో చూడండి.

మరో దారి మొత్తం ముగించకుండా మూడు కిస్తీలు 81,978, చార్జీలు కట్టి బండి విడిపించుకోవడం. ఒప్పందంలో "తిరిగి అప్పగించే పద్ధతి" అన్న భాగం దీని గురించే. బ్రాంచ్ ముందు మొత్తం అంకె చెప్పి భయపెట్టినా, ఈ రెండో దారి ఉందని క్లాజు చూపించి రాతలో అడగాలి. డబ్బు సగం సిద్ధంగా ఉంటే వెంటనే కట్టి, మిగతాదానికి తేదీ రాయించుకోవడం మంచిది. ఆ కట్టిన రసీదు తర్వాత ఏ వేదిక మీదైనా మీ నిజాయితీకి రుజువు.

వేలం, ఆ తర్వాత వచ్చే బాకీ

అమ్మే ముందు ఆఖరి నోటీసు రావాలి. వచ్చాక మీరు చేయగలిగింది ఒకటుంది: ఎక్కువ ధరకు కొనే పార్టీని మీరే తీసుకురావడం. బండి మోడల్, కిలోమీటర్లు, ఇన్సూరెన్స్ పాలసీలో బండి విలువగా రాసిన ఐడీవీ, అదే ఏడాది బండ్లు ఆటోనగర్‌లో ఎంతకు పోతున్నాయో ఒకరిద్దరు డీలర్ల కొటేషన్లు తీసుకుని కంపెనీకి పంపండి. 6 లక్షల 20 వేలు పలికే బండిని 4 లక్షల 80 వేలకు అమ్మేస్తే, ఆ తేడా గురించి అడగడానికి ఈ మెయిలే ఆధారం.

అమ్మాక వాల్యుయేషన్ రిపోర్టు, వచ్చిన బిడ్లు, అమ్మిన ధర, లోన్ ఖాతాలో జమ చేసిన తేదీ అడగండి. బాకీ కంటే ఎక్కువ వస్తే మిగులు మీదే. తక్కువ వస్తే ఆ లోటు కోసం మీ మీద, షూరిటీ మీద వస్తారు. షూరిటీ బాధ్యత అప్పు తీసుకున్నవాడితో సమానమే, ముందు మిమ్మల్ని అడిగాకే ఆయన్ని అడగాలని లేదు. మీరిచ్చిన చెక్కులు, ఈసీఎస్ మ్యాండేట్ తిరిగొస్తే క్రిమినల్ కేసు కూడా పెట్టవచ్చు. చెక్కు బౌన్స్ నోటీసు అందాక 15 రోజుల్లో కట్టాలి. ఆ నోటీసును మాత్రం ఒక్కరోజు కూడా పక్కన పడేయవద్దు.

లోటు కోసం ఎక్కువ కంపెనీలు ఆర్బిట్రేషన్‌కు వెళతాయి. చెన్నై నుంచో ముంబై నుంచో ఇంగ్లీషులో ఒక నోటీసు వస్తుంది, అర్థం కాక మూల పడేస్తారు. ఆ తర్వాత ఏకపక్షంగా అవార్డు, అంటే ఆర్బిట్రేటర్ తీర్పు, వస్తుంది, మన జిల్లా కోర్టులోనే అమలు చేయిస్తారు. జవాబు రాయండి. కంపెనీ ఒక్కటే తన ఇష్టం వచ్చిన ఆర్బిట్రేటర్‌ను పెట్టుకోవడం చెల్లదని సుప్రీంకోర్టు 2019లో పెర్కిన్స్ ఈస్ట్‌మన్ కేసులో చెప్పింది. ఆ అభ్యంతరం మొదటి జవాబులోనే రాయాలి. అవార్డు వచ్చేస్తే, అందిన రోజు నుంచి మూడు నెలల్లో కోర్టులో సవాలు చేయాలి.

ఎక్కడ ఫిర్యాదు చేయాలి

కంపెనీకి రాసి 30 రోజులైనా జవాబు రాకపోతే, లేదా వచ్చిన జవాబు న్యాయంగా లేకపోతే, రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు cms.rbi.org.in లో ఫిర్యాదు పెట్టవచ్చు. ఖర్చు లేదు, లాయర్ అక్కర్లేదు, 14448కి ఫోన్ చేస్తే తెలుగులో కూడా చెబుతారు. నోటీసు క్లాజు పాటించకపోవడం, ఒప్పందం కాపీ ఇవ్వకపోవడం, అపరాధ రుసుము తప్పు లెక్క, ఏజెంట్ల ప్రవర్తన లాంటివాటికి ఇది సరైన చోటు. కానీ వేలం వారంలో ఉందంటే 30 రోజులు ఆగలేరు. అప్పుడు కోర్టు లేదా వినియోగదారుల కమిషన్‌లో మధ్యంతర ఉత్తర్వు కోరాలి. బాకీలో కొంత జమ చేస్తామని ముందుకొస్తే అలాంటి ఉత్తర్వు దొరికే అవకాశం ఎక్కువ.

కమర్షియల్ బండి కాబట్టి వినియోగదారుల కమిషన్‌కు వెళ్లలేమని కంపెనీ లాయర్లు వాదిస్తారు. సొంతంగా కష్టపడి బతకడానికే బండి కొనుక్కున్నవాడు వినియోగదారుడేనని 2019 చట్టం స్పష్టంగా చెబుతోంది. ఒక బండి ఉండి, తానే నడుపుకునేవాడికి ఇది బాగా వర్తిస్తుంది. పది లారీల ఓనర్‌కి వర్తించదు. మీ పేరున ఉన్న ట్రాన్స్‌పోర్ట్ లైసెన్సు, ఇంటికి ఇదొక్కటే ఆధారమన్న వివరాలు ఫిర్యాదులోనే రాయాలి. ఒప్పందంలో ఆర్బిట్రేషన్ క్లాజు ఉన్నా కమిషన్‌కు వెళ్లే హక్కు పోదు. గడువు రెండేళ్లు.

సెటిల్‌మెంట్ కుదిరితే లోక్ అదాలత్‌లో నమోదు చేయించండి. అక్కడి అవార్డు కోర్టు డిక్రీతో సమానం, మళ్లీ లోటు బాకీ అంటూ వెనక్కి రాలేరు. సెటిల్‌మెంట్ లెటర్‌లో మొత్తం, తేదీలు, షూరిటీకి విముక్తి, చెక్కులు తిరిగివ్వడం, పెట్టిన కేసుల ఉపసంహరణ రాసి ఉన్నాకే డబ్బు కట్టండి. క్రెడిట్ రిపోర్టులో "సెటిల్డ్" అని పడితే మళ్లీ లోన్ దొరకడం కష్టమవుతుంది. వీలైతే "క్లోజ్డ్" అని నమోదయ్యేలా మాట్లాడుకోండి.

లోన్ నడుస్తున్నప్పుడు ఇంకో చిక్కు పర్మిట్ రెన్యువల్ దగ్గర వస్తుంది. దానికి ఫైనాన్స్ కంపెనీ ఎన్‌ఓసీ కావాలి, బాకీ ఉందని కంపెనీ తొక్కిపెడుతుంది. 51వ సెక్షన్ ప్రకారం మీ అర్జీ అందిన ఏడు రోజుల్లో ఎన్‌ఓసీ ఇవ్వాలి, లేదా ఎందుకు ఇవ్వడం లేదో రాతపూర్వకంగా చెప్పాలి. ఏదీ చేయకపోతే ఇచ్చినట్టే లెక్క. స్పీడ్ పోస్టులో అడిగి, అందినట్టు రుజువుతో, అందిన ఏడు రోజులు దాటాక ఆర్టీఓ దగ్గరికి వెళ్లండి. చివరి కిస్తీ కట్టాక ఎన్‌ఓసీతోపాటు కంపెనీ సంతకం చేసిన ఫారం 35 తీసుకుని, ఆర్‌సీలో హెచ్‌పీ ఎంట్రీ కొట్టేయించాకే ఈ లోన్ పని పూర్తయినట్టు.